ఇంటర్వ్యూ, క్లయింట్ డెమో ఒకే సమయానికి పడితే రిక్రూటర్‌కు ఏమని రాయాలి?

ప్రశ్న: "గురువారం మధ్యాహ్నం మూడింటికి మాన్యత టెక్ పార్కులో నాకు రెండో టెక్నికల్ రౌండ్ ఉంది. నేరుగా వెళ్లి ఇవ్వాలి. ఇవాళ, అంటే మంగళవారం పొద్దున, మా మేనేజర్ సరిగ్గా అదే సమయానికి క్లయింట్ డెమో పెట్టారు. చూపించాల్సింది నేనే. మా ఆఫీసు వైట్‌ఫీల్డ్‌లో. ఇంటర్వ్యూ మార్చమని రిక్రూటర్‌కు ఎలా రాస్తే మర్యాదగా ఉంటుంది? ఇలా అడిగితే నన్ను పక్కన పెట్టేస్తారేమోనని భయంగా ఉంది."

ఇవాళే, మధ్యాహ్న భోజనానికి ముందే రాయండి. ఇంటర్వ్యూ ఖరారు చేస్తూ రిక్రూటర్ పంపిన ఈమెయిల్‌కే జవాబుగా రాయండి, కొత్తగా ఇంకో ఈమెయిల్ మొదలుపెట్టకండి. గురువారం మూడింటికి రాలేనని మొదటి వాక్యంలోనే చెప్పి, కారణం ఒక్క వాక్యంలో ముగించి, మీరు తప్పకుండా రాగలిగిన మూడు సమయాలను తేదీలతో సహా ఇచ్చి, ఈ ఉద్యోగం మీకు ఎందుకు కావాలో ఒక నిర్దిష్టమైన మాటతో ముగించండి. ఈమెయిల్ వెళ్లిన వెంటనే, పంపానని వాట్సాప్‌లో ఒక చిన్న కబురు పెట్టండి. రెండు రోజుల ముందుగా, ఇంత స్పష్టంగా, మొదటిసారి అడిగినందుకు ఎవరినీ పక్కన పెట్టరు.

నేను చాలా ఏళ్లుగా బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఇంజినీర్ల నియామకాలు చూస్తున్నాను. అంతకు ముందు చెన్నైలో ఒక కన్సల్టెన్సీ తరఫున ఇదే పని చేశాను. సమయం మార్చమని అడిగే సందేశాలు మాకు వస్తూనే ఉంటాయి, వాటిని ఎవరూ తప్పుగా తీసుకోరు. అయితే కొన్ని సందేశాలు చదివిన కొద్ది నిమిషాల్లో కొత్త సమయం ఖరారవుతుంది, కొన్నింటి తర్వాత ఆ అభ్యర్థి పేరు మెల్లగా జాబితాలో కిందికి జారిపోతుంది. ఆ తేడా ఎక్కడ వస్తుందో తెలియాలంటే మీ సందేశం అందాక రిక్రూటర్ ఏం చేయాల్సి వస్తుందో తెలియాలి.

రెండో టెక్నికల్ రౌండ్ అంటే సాధారణంగా ఇద్దరు ముగ్గురు ఇంజినీర్లు ఒక గంట పాటు తమ పని ఆపి కూర్చుంటారు. వాళ్లందరి క్యాలెండర్లలో ఖాళీ ఒకేసారి దొరికే గంటను వెతికి, మీటింగ్ గది తీసుకుని, మీ పేరున గేటు దగ్గర ప్రవేశానికి ఏర్పాటు చేసి, ఆ తర్వాతే మీకు పిలుపు పంపుతారు. మీరు మార్చమంటే ఇదంతా మళ్లీ మొదటి నుంచి చేయాలి. అందుకని ఆ సందేశం చూడగానే రిక్రూటర్‌కు తెలియాల్సినవి మూడే: ఏ సమయాన్ని ఖాళీ చేయాలి, బదులుగా ఏ సమయాలు వెతకాలి, ఈ అభ్యర్థి నిజంగా వస్తారా. వీటికి జవాబు మీ సందేశంలోనే ఉంటే వాళ్లు దాన్ని యథాతథంగా ప్యానెల్‌కు పంపించేస్తారు. లేకపోతే మిమ్మల్ని తిరిగి అడగాలి, మీ జవాబు కోసం ఆగాలి, ఈలోగా ప్యానెల్‌లో ఒకరి ఖాళీ పోతుంది. రిక్రూటర్ మిమ్మల్ని తిరిగి ఒక్క ప్రశ్న కూడా అడగనవసరం లేకుండా రాయడమే ఇక్కడ అసలైన మర్యాద. క్షమాపణలు ఎన్నిసార్లు చెప్పారన్నది ఎవరూ చూడరు.

సందేశం రాసే ముందు ఒక సంగతి తేల్చుకోండి. మీ మేనేజర్‌ను డెమో గురువారం ఉదయానికి జరపమని అడిగే వీలుందా? క్లయింటు కుదరదంటే సరే. కానీ డెమో ఇవాళే పెట్టారంటే ఇంకా కదిలే అవకాశం ఉండవచ్చు. పైగా వైట్‌ఫీల్డ్ నుంచి మాన్యతకు అవుటర్ రింగ్ రోడ్డు మీదుగా వెళ్లాలంటే రద్దీ వేళల్లో గంటన్నర పట్టినా ఆశ్చర్యం లేదు కాబట్టి, డెమో మధ్యాహ్నం పన్నెండు లోపల అయిపోతే తప్ప ముందుకు జరిపినా పెద్దగా లాభం లేదు. అలా కుదరకపోతే ఇంటర్వ్యూ మార్చమని ధైర్యంగా అడగండి. రెండింటినీ ఎలాగో ఇరికించి, చెమటలు కక్కుతూ ఇరవై నిమిషాలు ఆలస్యంగా ప్యానెల్ ముందు కూర్చోవడం అన్నిటికంటే చెడ్డ దారి. ఆ ఇరవై నిమిషాలూ మీ మార్కుల్లోంచే పోతాయి.

ఇక సందేశం. రిక్రూటర్ తెలుగువారు కాకపోతే మీరు దీన్ని ఇంగ్లీషులోనే పంపుతారు, అయినా క్రమం ఇదే ఉండాలి. సబ్జెక్టు లైన్ మార్చకండి. పాత ఈమెయిల్‌కే జవాబు ఇస్తే ఉద్యోగం పేరు, రౌండు, ప్యానెల్ వివరాలు అన్నీ కిందే ఉంటాయి. రిక్రూటర్ ఒకేసారి పది పదిహేను ఉద్యోగ ఖాళీల మీద పనిచేస్తుంటారు, మీరెవరో వెతుక్కునే పని వాళ్లకు పెట్టకూడదు.

> నమస్కారం. గురువారం మధ్యాహ్నం 3 గంటలకు ఖరారైన రెండో టెక్నికల్ రౌండ్‌కు నేను రాలేకపోతున్నాను, దాన్ని వేరే సమయానికి మార్చగలరా అని అడగడానికి రాస్తున్నాను. అదే సమయానికి మా ఆఫీసులో నేనే చూపించాల్సిన క్లయింట్ డెమో ఈ ఉదయం ఖరారైంది, దాన్ని జరపడం నా చేతిలో లేదు.
>
> ఈ కింది సమయాల్లో దేనికైనా నేను నేరుగా మాన్యతకు రాగలను: శుక్రవారం ఉదయం 10 నుంచి 1 లోపు, సోమవారం మధ్యాహ్నం 3 తర్వాత, మంగళవారం ఉదయం 10 నుంచి 1 లోపు. ప్యానెల్‌కు వీడియో కాల్ అనుకూలమైతే ఈ వారమే బుధవారం లేదా గురువారం సాయంత్రం 6 తర్వాత కూడా సిద్ధమే.
>
> మొదటి రౌండ్‌లో పేమెంట్ల సర్వీసును విడదీయడం గురించి జరిగిన చర్చ నాకు బాగా ఆసక్తి కలిగించింది, దాని కొనసాగింపు కోసమే ఎదురుచూస్తున్నాను. ప్యానెల్ ఇంటర్వ్యూలు ఈ వారంలోనే ముగించాలనుకుంటుంటే దయచేసి చెప్పండి, దానికి తగ్గట్టు నా వైపు సర్దుకుంటాను. మీకూ ప్యానెల్‌కూ కలిగిన ఇబ్బందికి మన్నించండి.

కింద మీ పేరు, ఫోన్ నంబరు. రోజుల పక్కన తేదీలు తప్పకుండా వేయండి. నేను తేదీలు వేయకపోవడానికి కారణం మీ వారం నాకు తెలియకపోవడమే. "వచ్చే సోమవారం" అని మాత్రమే రాస్తే అది ఆరు రోజుల్లో వచ్చేదో ఆ పైవారానిదో అని ఒక్కొక్కరు ఒక్కో విధంగా అర్థం చేసుకుంటారు.

ఇందులో ఒక్కో వాక్యం ఎందుకుందో చెబుతాను. "రాలేకపోతున్నాను" అని మొదట్లోనే ఉంది, ఎందుకంటే రిక్రూటర్లు చాలామంది ఫోన్‌లో నోటిఫికేషన్‌లో కనిపించే మొదటి వరుసను బట్టే ఏది ముందు తెరవాలో నిర్ణయించుకుంటారు. యోగక్షేమాలతో మొదలుపెడితే ఆ వరుస వృథా అవుతుంది. కారణం ఒక్క వాక్యమే, కానీ అది నిర్దిష్టంగా ఉంది. "కొన్ని అనివార్య కారణాల వల్ల" అని రాస్తే చదివేవారికి తోచేది ఒక్కటే: ఇంకో కంపెనీ ఇంటర్వ్యూ ఉంది, మనది రెండో ప్రాధాన్యం. మీ విషయంలో నిజమైన కారణమే మీకు అనుకూలంగా ఉంది. క్లయింటు ముందు నిలబడే బాధ్యత మీకు అప్పగించారని, దాన్ని మీరు వదిలేసి రారని అది చెబుతుంది. క్లయింటు పేరు, ప్రాజెక్టు వివరాలు మాత్రం రాయకండి. గోప్యంగా ఉంచాల్సినవి బయట చెప్పేస్తారన్న అనుమానం వస్తే అది అభ్యర్థిత్వానికి నిజంగానే దెబ్బ.

మొదటి రౌండ్ గురించిన వాక్యమే మీ పేరును సజీవంగా ఉంచేది. "ఈ అవకాశం పట్ల చాలా ఉత్సాహంగా ఉన్నాను" అన్న మాట మాకు రోజూ వస్తుంది, దాని మీద చూపు ఆగదు. మొదటి రౌండ్‌లో నిజంగా జరిగిన ఒక చర్చను గుర్తు చేస్తే, రిక్రూటర్ దాన్ని ప్యానెల్‌కు పంపినప్పుడు అక్కడి ఇంజినీరుకు మీరు ఒక మనిషిగా గుర్తొస్తారు. నేను పేమెంట్ల సర్వీసు అని ఉదాహరణకు రాశాను. మీ మొదటి రౌండ్‌లో మీకు నిజంగా నచ్చిందే రాయండి, ఎందుకంటే రెండో రౌండ్‌లో దాని గురించే అడగవచ్చు.

ఇక నేను అన్నిటికంటే ముఖ్యమని భావించేది "ఈ వారంలోనే ముగించాలనుకుంటుంటే చెప్పండి" అన్న మాట. సమయం మార్చుకున్నాక అవకాశం పోయిందని బాధపడేవారిలో చాలామందికి అసలు జరిగేది ఏమిటంటే, వాళ్ల మీద ఎవరికీ కోపం రాదు, ఈలోగా ఇంకొకరు అన్ని రౌండ్లూ దాటేసి ఆ ఖాళీ నిండిపోతుంది. ఒకే ఖాళీ ఉన్న చోట ఈ ప్రమాదం నిజమైనది. మీరు ఆ ప్రశ్న అడిగితే, ఆ కంపెనీ మేనేజర్ శుక్రవారానికల్లా నిర్ణయం తీసుకోవాలనుకుంటున్నట్టయితే ఆ సంగతి రిక్రూటర్ మీకు చెబుతారు. అప్పుడు బుధవారం సాయంత్రం వీడియో కాల్‌కైనా ఒప్పుకోవచ్చు. అడగకపోతే చెప్పాల్సిన అవసరం వాళ్లకు లేదు.

సమయాలు ఇవ్వడంలో ఒక జాగ్రత్త. "మీకు ఎప్పుడు వీలైతే అప్పుడు" అనడం వినయంగా అనిపిస్తుంది కానీ పని పెంచుతుంది. ఎందుకంటే వాళ్లు మళ్లీ ఒక సమయం వెతికి పంపితే, అదీ మీకు కుదరదని తేలే ప్రమాదం ఉంది. రెండోసారి మార్చమనడం మొదటిసారి లాంటిది కాదు. అందుకే గంట సమయానికి బదులు రెండు మూడు గంటల వ్యవధి ఇవ్వండి, కనీసం రెండు వేర్వేరు రోజులు ఉండాలి, ఒకటైనా పాత సమయానికి దగ్గరగా, అంటే మరుసటి రోజే ఉండాలి. అన్నీ పై వారానివే ఇస్తే వాయిదా వేస్తున్నట్టు కనిపిస్తుంది. ఇచ్చిన సమయాలన్నింటినీ జవాబు వచ్చేదాకా మీ క్యాలెండర్‌లో ఖాళీగా అట్టిపెట్టుకోండి. మీ ప్రయాణాన్ని కూడా లెక్కలోకి తీసుకోండి. వైట్‌ఫీల్డ్‌లో ఉదయం స్టాండప్ ముగించుకుని పదకొండింటికి మాన్యతలో ఉంటాననుకుంటే అది కాగితం మీద మాత్రమే కుదురుతుంది.

క్యాలెండర్ పిలుపు విషయంలో చాలామంది తొందరపడతారు. ఈమెయిల్ పంపకముందే ఆ పిలుపును తిరస్కరిస్తే, దాన్ని పంపినవారికి మీరు రావడం లేదన్న యాంత్రికమైన నోటీసు ఏ వివరణా లేకుండా ముందు చేరుతుంది. అది చూసిన రిక్రూటర్ మీరు పోటీ నుంచి తప్పుకున్నారని అనుకునే అవకాశం ఉంది. కొత్త సమయం సూచించే `Propose new time` అనే బటన్ కొన్ని క్యాలెండర్లలో ఉంటుంది గానీ, అది ఒకసారి ఒక్క సమయాన్నే పంపుతుంది, మూడు ప్రత్యామ్నాయాలు ఇవ్వలేదు. ముందు ఈమెయిల్, తర్వాత రిక్రూటర్ జవాబు, ఆ తర్వాతే క్యాలెండర్. సాధారణంగా పాత పిలుపును వాళ్లే మార్చి పంపుతారు, మీరు అంగీకరిస్తే చాలు. ఇంకో మాట: ఇదంతా మీ సొంత ఈమెయిల్ నుంచి, సొంత ఫోన్ నుంచి చేయండి. ఆఫీసు క్యాలెండర్‌లో ఇంటర్వ్యూ పేరు పెట్టుకోకండి, ఎవరి కంట పడుతుందో తెలియదు.

ఒక ఉదాహరణ చెబితే ఇదంతా ఇంకా స్పష్టంగా ఉంటుంది. కొంత కాలం క్రితం ఒకే బ్యాకెండ్ ఉద్యోగానికి ఇద్దరు అభ్యర్థులు ఒకే వారంలో నన్ను సమయం మార్చమని అడిగారు. మొదటి రౌండ్‌లో ఇద్దరి గురించీ ప్యానెల్ దాదాపు ఒకేలా రాసింది. ఒకతను ఇంటర్వ్యూకు ముందు రాత్రి బాగా పొద్దుపోయాక వాట్సాప్‌లో "మేడమ్, రేపు కొంచెం అర్జెంట్ పని పడింది, ఇంకో రోజు పెట్టగలరా" అని రాశాడు. నేను చూసేసరికి ఉదయం తొమ్మిది దాటింది, ప్యానెల్‌లో ఒకరు అప్పటికే ఆ ఇంటర్వ్యూ కోసం ఇంటి నుంచి బయల్దేరారు. ఏ రోజు కుదురుతుందని అడిగితే సాయంత్రం "ఎప్పుడైనా ఓకే" అన్నాడు. శుక్రవారం పదకొండింటికి పెడితే ఆ సమయంలో మీటింగ్ ఉందన్నాడు. ఇంకొకామె మారతహళ్లిలో ఉంటూ పనిచేసే గుంటూరు అమ్మాయి. తన టీమ్‌లో రిలీజు జరగాల్సిన తేదీ మారిందని రెండు రోజుల ముందు ఉదయమే ఈమెయిల్ చేసి, మూడు సమయాలు ఇచ్చి, రిలీజు ఆలస్యమైనా ఈ మూడింటికీ అడ్డం రాదని కూడా రాసింది. ఆ ఒక్క వాక్యంతో, మళ్లీ మార్చమంటుందేమోనన్న నా సందేహం తీరిపోయింది. ఆమె ఈమెయిల్‌ను నేను ఒక్క అక్షరం మార్చకుండా ప్యానెల్‌కు పంపాను, గంటలో సమయం ఖరారైంది. ఆ అబ్బాయిని మేము తిరస్కరించలేదు. మూడో సమయం వెతికేలోగా ఆమె ఆఖరి రౌండ్ కూడా అయిపోయింది.

మీకు కూడా ఆ వాక్యం పనికొస్తుంది. డెమోలు వాయిదా పడటం మామూలే కాబట్టి, "డెమో వాయిదా పడినా ఈ సమయాలు మారవు" అని చేర్చవచ్చు. అయితే అది నిజమైతేనే రాయండి.

కారణం అబద్ధం చెప్పవద్దని ప్రత్యేకంగా చెబుతున్నాను, ఎందుకంటే డెమో కంటే జ్వరం అంటే జాలి కలుగుతుందని కొందరు సలహా ఇస్తారు. జ్వరమని చెబితే మరుసటి రోజు ఇంటర్వ్యూకు రాగలనని ఎలా అంటారు? ఇచ్చిన సమయాలే మీ మాటను కాదంటాయి. అడ్డు వచ్చింది నిజంగా ఇంకో కంపెనీ ఇంటర్వ్యూ అయినా సరే, "ముందే ఒప్పుకున్న ఒక పని ఉంది, దాన్ని మార్చలేను" అంటే చాలు. అది నిజమే, ఎవరూ అంతకు మించి అడగరు. ఒక్క మినహాయింపు: చేతిలో వేరే ఆఫర్ ఉండి దానికి గడువు తేదీ ఉంటే ఆ తేదీ చెప్పండి. అది బెదిరింపుగా కాక సమాచారంగా చెబితే, మిగతా రౌండ్లు త్వరగా పెట్టించడానికి రిక్రూటర్‌కు అదే ఆధారమవుతుంది.

పంపాక జవాబు రాకపోతే ఏం చేయాలన్నది కూడా ముందే అనుకోండి. మీరు మంగళవారం మధ్యాహ్నం లోపు పంపితే బుధవారం ఉదయం పదకొండు వరకు ఆగండి. అప్పటికీ ఏమీ రాకపోతే ఒకసారి ఫోన్ చేయండి. గురువారం మూడింటి సమయం ఇంకా రద్దు కాలేదన్న సంగతి మరచిపోకూడదు. మీరు చెప్పేశానని అనుకుంటూ ఉంటే, వాళ్లు చూడకపోతే, ప్యానెల్ వచ్చి కూర్చుంటుంది, మీ పేరు పక్కన "రాలేదు" అని నమోదవుతుంది. ఆ నమోదు ఆ కంపెనీ రికార్డులో ఉండిపోయి, తర్వాత ఇంకో ఖాళీకి దరఖాస్తు చేసినప్పుడు కూడా కనిపించవచ్చు. ఫోన్ ఎత్తకపోతే "నిన్న ఈమెయిల్ చేశాను, రేపటి 3 గంటల ఇంటర్వ్యూకు రాలేను, ప్యానెల్‌కు తెలియజేయగలరా" అని వాట్సాప్‌లో మళ్లీ రాయండి. పిలుపులో కోఆర్డినేటర్ పేరు విడిగా ఉంటే వారికీ పంపండి. ప్యానెల్‌లోని ఇంజినీర్లకు నేరుగా లింక్డ్‌ఇన్‌లో రాయడం మాత్రం వద్దు.

"చూసి చెబుతాం" అని జవాబు వచ్చి తర్వాత మౌనం ఉంటే, రెండు పని దినాలు ఆగి, మీరు ఇచ్చిన సమయాల్లో గడిచిపోయిన వాటిని తీసేసి కొత్తవి చేర్చి మళ్లీ పంపండి. "ఏమైనా అప్‌డేట్ ఉందా" అన్న ఒక్క వాక్యానికి జవాబు ఇవ్వడం కష్టం, కొత్త సమయాలకు ఇవ్వడం సులువు. నోటీసు పీరియడ్ గురించో ఆశిస్తున్న జీతం గురించో మళ్లీ అడిగారంటే మీ పేరు ఇంకా నడుస్తోందని అర్థం. "ఈ ఖాళీని ప్రస్తుతానికి ఆపారు" అంటే చాలాసార్లు అది నిజమే, మీరు సమయం మార్చినందుకు కాదు. అప్పుడు నెల తర్వాత ఒకసారి పలకరించడం మంచిది.

మిమ్మల్ని పంపింది కన్సల్టెన్సీ అయితే పద్ధతి కొంచెం మారుతుంది. కంపెనీ రిక్రూటర్ నంబరు మీ దగ్గర ఉన్నా ముందు కన్సల్టెన్సీ వారికే చెప్పండి, వాళ్లను దాటి వెళ్తే అక్కడ గొడవ మొదలవుతుంది. మాట రెండు చేతులు మారుతుంది కాబట్టి ఇంకాస్త ముందుగా చెప్పాలి, కంపెనీకి చేరిందా అని అదే రోజు కనుక్కోవాలి. చెన్నైలో నేను ఆ పనిలో ఉన్నప్పుడు, సందేశం మా దగ్గరే ఆగిపోయి అభ్యర్థికి చెడ్డపేరు రావడం చూశాను. ఇక శనివారం జరిగే నియామక డ్రైవ్‌లలో వేరే రోజుకు మార్చడం దాదాపు అసాధ్యం, ఎందుకంటే ప్యానెళ్లన్నీ ఆ ఒక్క రోజుకే చేరతాయి. అక్కడ అడగగలిగింది అదే రోజు వేరే వేళ మాత్రమే.

కొత్త సమయం ఖరారయ్యాక పిలుపును వెంటనే అంగీకరించి, ఒక్క వాక్యంలో ధన్యవాదాలు చెప్పండి. చిరునామా, ఏ బ్లాకు, ఏ గేటు అన్నవి పాత పిలుపులోవేనా మారాయా అని చూసుకోండి. గది మారితే బ్లాకు కూడా మారవచ్చు. సందర్శకుల పాసు పాత తేదీకే ఉండిపోతే గేటు దగ్గర పదిహేను నిమిషాలు పోతాయి కాబట్టి, దాన్ని కొత్త తేదీకి మార్చారో లేదో ముందు రోజే రిక్రూటర్‌ను అడిగి, గుర్తింపు కార్డు వెంట ఉంచుకుని బయల్దేరండి.